స్టేషన్లలో ప్లాట్‌ఫామ్ బోర్డులు, అనౌన్స్‌మెంట్లు చూసుకునే అధికారులందరికీ ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఒక్క పని చేయమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నా. మీ స్టేషన్లో రెండు పట్టాల మధ్య ఉండే ప్లాట్‌ఫామ్ ఉంటుంది కదా, అటు ఒక రైలు ఇటు ఒక రైలు ఆగేది, ఒకే గట్టుకి రెండు వైపులా రెండు నంబర్లు ఉండేది, దాని మధ్యలో పైనుంచి వేలాడే నంబర్ బోర్డు కిందకి వెళ్లి నిలబడండి. ముందు ఒక వైపు నుంచి ఒక నంబర్ చదవండి, దాని బాణం ఎటు చూపిస్తుందో అటు చెయ్యి చాపండి. తర్వాత బోర్డు దాటి అవతలికి వెళ్లి వెనక్కి తిరిగి అదే నంబర్ మళ్లీ చదవండి, మళ్లీ చెయ్యి చాపండి. రెండుసార్లూ మీ చెయ్యి ఒకే పట్టా వైపు చూపిస్తే మీ బోర్డు కరెక్టే, ఈ ఉత్తరం మీరు ఇక్కడితో ఆపేయొచ్చు. చూపించకపోతే మాత్రం దయచేసి చివరిదాకా చదవండి.

నేను చాలా ఏళ్లు స్టేషన్ ఎంక్వైరీ కౌంటర్లో పనిచేసి రిటైర్ అయినదాన్ని. రోజూ వందల మంది అద్దం అవతల నిలబడి అడిగే ప్రశ్నలు విన్నాను కాబట్టి జనం ఎక్కడ తికమక పడతారో నాకు కొంత తెలుసు. కానీ ఈ మధ్య ఒక జంక్షన్లో తెల్లవారుజామున చూసింది నన్ను కూడా ఆపేసింది, ఎందుకంటే అక్కడ ఒక పిల్లాడు చదవాల్సిందంతా చదివాడు, అడగాల్సింది అడిగాడు, అయినా ఎక్కకూడని రైలు ఎక్కాడు. స్టేషన్ పేరు రాయను. ఒక్క స్టేషన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు, ఇలాంటి బోర్డు ఇంకెన్ని చోట్ల ఉందో ఎవరూ వెళ్లి చూడట్లేదు అన్నదే నా బాధ.

ఆ అబ్బాయికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి, మొదటిసారి ఒంటరిగా అంత దూరం వెళ్తున్నాడు, సిటీలో పొద్దున్న 10:30కి ఇంటర్వ్యూ. తెల్లవారుజామున ఈ జంక్షన్లో ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కాలి, అది 4:40కి 5వ నంబర్ ప్లాట్‌ఫామ్ మీద. ఫోన్లో యాప్ కూడా 5 అనే చూపించింది, ఫుట్ బ్రిడ్జి మీదున్న డిజిటల్ బోర్డు కూడా 5 అనే చూపించింది. మెట్ల దగ్గర "4, 5" అని రాసుంది, దిగాడు. ఇక్కడిదాకా ఎక్కడా పొరపాటు లేదు.

దిగాక తల పైకెత్తితే వేలాడే బోర్డు కనిపించింది. ఎడమ బాణం పక్కన 4, కుడి బాణం పక్కన 5. కుడి వైపుకి వెళ్లి నిలబడ్డాడు. అది 4వ నంబర్.

ఎలాగంటే, ఆ బోర్డు రెండు వైపులా ఒకేలా ప్రింట్ చేసి పెట్టారు. స్టేషన్ ముందు వైపు మెట్లు దిగి వచ్చేవాళ్లకి 4 ఎడమ పక్కే ఉంటుంది, 5 కుడి పక్కే, వాళ్లకి బోర్డు చెప్పేది నిజం. కానీ అవతలి చివర మెట్లు దిగి ఎదురుగా వచ్చేవాడికి ఎడమ కుడి తారుమారు అవుతాయి కదండీ, వాడికి 4 కుడి పక్కకి వస్తుంది. కాబట్టి బోర్డు వెనక వైపు 5 ఎడమ బాణం దగ్గర, 4 కుడి బాణం దగ్గర ఉండాలి. అంటే రెండు వైపులకీ రెండు వేరే డిజైన్లు కావాలి. కానీ ప్రింటింగ్‌కి ఇచ్చేటప్పుడు ఒకే ఫైలు, "రెండు వైపులా కావాలి, రెండు కాపీలు" అని వెళ్తుంది, వాళ్లు రెండు కాపీలు కొట్టి ఇస్తారు, బిగించేవాడు బిగించేసి వెళ్తాడు. ఎవరూ అబద్ధం రాయలేదు, కానీ బోర్డు సగం మందికి అబద్ధం చెప్తూ వేలాడుతుంది.

మరి ఇన్నాళ్లూ ఎవరూ కంప్లైంట్ ఎందుకు ఇవ్వలేదు అంటారేమో. రోజూ వచ్చేవాళ్లు ఆ బోర్డు చదవరు అండి. వాళ్లకి కాళ్లే దారి చూపిస్తాయి, 5 ఏ పక్కో ఒళ్లే చెప్తుంది. స్టాఫ్ అసలే చదవరు. దాన్ని నమ్మి చదివేది కొత్తవాడొక్కడే, వాడు పొరపాటు చేస్తే తనే సరిగ్గా చూసుకోలేదు అనుకుని సిగ్గుపడి వెళ్లిపోతాడు, కంప్లైంట్ రాయడు. అందుకే బోర్డుల మీద కంప్లైంట్లు రావట్లేదంటే బోర్డులు బావున్నట్టు కాదు, నా సర్వీసులో నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఇది. ఎంక్వైరీకి వచ్చి "నేనే సరిగ్గా చూడలేదు మేడం" అన్నవాళ్లలో ఎంతమంది నిజానికి సరిగ్గానే చూశారో అని ఇప్పుడు ఆలోచిస్తున్నా.

సరే, తప్పు పక్కన నిలబడ్డాడు, రైలు చూసి ఎక్కాలి కదా అంటారు. అక్కడే రెండో చిక్కు. ఆ రైలు పేరున్న ఎక్స్‌ప్రెస్. అదే పేరుతో అటు వెళ్లేది ఒకటి, ఇటు వచ్చేది ఒకటి, జత రైళ్లు. ఆ రెండూ సరిగ్గా ఆ జంక్షన్ దగ్గరే, ఆ టైంకే ఎదురెదురుగా వస్తాయి. ఒకటి 4:35కి 4వ నంబర్ మీద, ఇంకోటి 4:40కి 5వ నంబర్ మీద. పేరు ఒకటే. నంబర్లో చివరి అంకె ఒక్కటే తేడా, ఒకటి 7 ఒకటి 8. దూరం పోయే రైళ్ల నంబర్లు ఇలా ఇవ్వడం కొత్తేమీ కాదు, చాలా దేశాల్లో సరి బేసి చూసే దిక్కు చెప్తారు, ఫ్రాన్స్‌లో పారిస్ నుంచి బయటికి వెళ్లేవాటికి బేసి, పారిస్ వైపు వచ్చేవాటికి సరి, అమెరికాలో ఆమ్‌ట్రాక్ వాళ్లకి కూడా సాధారణంగా పడమరకీ దక్షిణానికీ వెళ్లేవాటికి బేసి, తూర్పుకీ ఉత్తరానికీ వెళ్లేవాటికి సరి. రైలు నడిపేవాళ్లకి ఇది చాలా సుఖం, నంబర్ చూడగానే ఎటు పోతుందో తెలుస్తుంది. ఈ పద్ధతి మార్చమని నేను అడగట్లేదు. ఆ ఒక్క అంకెలోనే దిక్కంతా దాచిపెట్టి, అది తెలియనివాడి చేతికి టికెట్ ఇచ్చి, వాడే చూసుకోవాలి అనడం న్యాయం కాదు అంటున్నా.

బోగీ పక్కన తగిలించే పలక ఉంటుంది, అది చూస్తే తెలిసిపోవాలి కదా. దాని మీద రెండు చివరి స్టేషన్ల పేర్లూ ఉన్నాయి, మధ్యలో గీత, కింద రెండు నంబర్లూ కలిపి 7 స్లాష్ 8 అని. ఎందుకంటే అవే బోగీలు అటు వెళ్లి మళ్లీ ఇటు వస్తాయి, వెళ్లిన ప్రతిసారీ పలక మార్చే పని లేకుండా ఒకే పలక పెట్టేశారు. అంటే 4 మీద ఆగిన రైలుకీ 5 మీద ఆగబోయే రైలుకీ పలక అక్షరం తేడా లేకుండా ఒకటే. ఆ అబ్బాయి పలక చూశాడు, తను వెళ్లాల్సిన సిటీ పేరు దాని మీద ఉంది, తన రైలు నంబర్ కూడా దాని మీద ఉంది. ఇంకేం చూడాలి చెప్పండి.

డోర్ దగ్గర ఒకాయన్ని అడిగాడు కూడా. "అన్నా ఇది ఫలానా ఎక్స్‌ప్రెస్సే కదా" అని. ఆయన "అవును ఎక్కు ఎక్కు" అన్నాడు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

ఒక్క చిన్న సూచన మాత్రం అప్పటికే కనిపించింది, తర్వాత మాట్లాడుతుంటే అతనే చెప్పాడు. తన బోగీ ఎక్కడ ఆగుతుందో డిస్‌ప్లేలో చూసుకుని అక్కడే నిలబడ్డాడట, తీరా రైలు ఆగాక అక్కడ వేరే బోగీ ఉంది. బ్యాగు పట్టుకుని చాలా దూరం పరిగెత్తాల్సి వచ్చింది. మన ఎంక్వైరీ భాషలో చెప్పాలంటే, బోగీలు చెప్పిన వరసలో రాకపోతే ముందు అడగాల్సింది "నేను సరైన రైలు దగ్గరే ఉన్నానా" అని. కానీ బోగీల వరస మారడం మామూలు అయిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, డిస్‌ప్లే మళ్లీ తప్పు చూపించింది అని తిట్టుకుంటూ పరిగెత్తుతారు. ఒక బోర్డు అబద్ధం చెప్తే దాని పక్కన నిజం చెప్పే బోర్డు మాట కూడా ఎవరూ నమ్మరు, మీరు ఇది గమనించాలి.

బోగీ దొరికింది, ఎక్కాడు, తన సీటు దగ్గరికి వెళ్తే అక్కడ ఒక పెద్దావిడ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నారు. ఇక్కడినుంచి జరిగింది నాకు అతనూ, ప్లాట్‌ఫామ్ మీద లగేజీ బండి తోసే అతనూ చెప్పారు, కొంత నేనే చూశాను, నేను 5వ నంబర్ వైపు బెంచీ మీదే ఉన్నా, కిటికీ కనిపిస్తూనే ఉంది.

మామూలుగా ఇలాంటి చోట ఏమవుతుంది, "ఇది నా సీటు" "కాదు నా సీటు" అని గొంతులు లేస్తాయి, టీసీ వచ్చేదాకా ఇద్దరూ నిలబడి ఉంటారు, ఈలోపు రైలు వెళ్లిపోతుంది. ఆవిడ అలా చేయలేదు. "నీ టికెట్ చూపించు నాన్నా" అని తీసుకుని, తన టికెట్ పక్కన పెట్టి, కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కిందకి ఒక్కొక్క గడి చదివారట. బోగీ ఒకటే. సీటు ఒకటే. తేదీ ఒకటే. రైలు పేరు ఒకటే. నంబర్ దగ్గర ఆగి, "నాది ఏడు, నీది ఎనిమిది" అన్నారు. అతనికి అప్పటికీ అర్థం కాలేదు, ప్రింటింగ్ మిస్టేక్ ఏమో అనుకున్నాడట. అప్పుడు ఆవిడ "ఇంతకీ నువ్వు ఎక్కడికి పోవాలి" అని అడిగారు. సిటీ పేరు చెప్పాడు.

"అయ్యో నాయనా, మేం అక్కణ్నుంచే వస్తున్నాం."

ఈ ఒక్క ప్రశ్న చూడండి. అంతసేపూ అందరూ ఏ రైలు అనే మాట్లాడుకున్నారు, బోర్డు, పలక, డోర్ దగ్గర అన్న, ఆ అబ్బాయి కూడా. ఎక్కడికి అని అడిగింది ఆవిడ ఒక్కరే. ఎంక్వైరీలో మాకు మొదట్లో సీనియర్లు నేర్పింది ఇదే, ప్రయాణికుడు రైలు పేరు చెప్పినా నువ్వు ఊరి పేరు అడుగు అని.

ఆ మాట వినగానే అతను బ్యాగు లాక్కుని డోర్ వైపు పరిగెత్తబోయాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపారట. "రైలు కదిలిందంటే దిగొద్దు. ఆగి ఉంటేనే దిగు. కదిలితే వచ్చి నా పక్కన కూర్చో, తర్వాత స్టేషన్లో దిగి చూసుకుందువు గానీ" అని చెప్పి అప్పుడు వదిలారు. ఇది మీకు ఎందుకు ఇంత వివరంగా రాస్తున్నానంటే, తప్పు రైలు ఎక్కడం వల్ల టైం పోతుంది, డబ్బు పోతుంది, కదిలే రైలు దిగబోతే కాలు మెట్టుకీ గట్టుకీ మధ్య సందులోకి జారి ప్రాణమే పోతుంది. తెలియగానే అందరికీ వచ్చే మొదటి ఆలోచన దూకెయ్యడమే. మీరు పెట్టిన బోర్డు తప్పు అయినప్పుడు అది మనిషిని చేర్చేది ఆ సందు దగ్గరికి, అందుకే ఇది చిన్న విషయం అని నాకు అనిపించట్లేదు.

రైలు ఇంకా ఆగే ఉంది. దిగాడు. దిగాక చూస్తే చేతిలో బ్యాగు ఉంది కానీ సర్టిఫికెట్ల ఫైలు లేదు, సీటు మీద పెట్టి మర్చిపోయాడు. ఆవిడ అప్పటికే కిటికీ ఊచల మధ్య నుంచి ఫైలు నిలువుగా తిప్పి బయటికి పెడుతున్నారు, అటు ఈ అబ్బాయి పరిగెత్తుతున్నాడు, లగేజీ బండి అతను ముందే అందుకుని ఇతని చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఒక నిమిషం కూడా కాలేదు, రైలు కదిలింది.

అసలు చూడాల్సింది ఇప్పుడుంది. ఫైలు చేతికొచ్చాక ఆ అబ్బాయి ఫుట్ బ్రిడ్జి వైపు పరిగెత్తడం మొదలెట్టాడు. ఎందుకంటే అతని లెక్కలో తను నిలబడింది 5, అక్కడికి వచ్చింది తప్పు రైలు, అంటే తన రైలు ఇంకెక్కడో వేరే ప్లాట్‌ఫామ్‌కి మార్చేశారు, ఏదో తెలియదు, పైకి వెళ్లి మళ్లీ డిజిటల్ బోర్డు చూడాలి. ఆ మెట్లు ఎక్కి దిగేసరికి అతని అసలు రైలు కూడా వెళ్లిపోయేది. లగేజీ బండి అతను అడ్డంగా నిలబడి భుజం పట్టుకుని గుండ్రంగా వెనక్కి తిప్పాడు, వేలు పెట్టి అవతలి పట్టా చూపించాడు, "ఐదు ఇదే తమ్ముడూ, ఇదే, ఎక్కడికీ పోకు, ఇక్కడే ఉండు" అన్నాడు. అబ్బాయి పైనున్న బోర్డు చూపించి "మరి అది" అన్నాడు. "అది అటు నుంచి చూడాలి" అన్నాడు బండి అతను. అంటే ఆ బోర్డు తప్పని అతనికి ఎప్పట్నుంచో తెలుసు. నేను తర్వాత అడిగితే ప్రతి వారం ఎవరో ఒకర్ని ఇలాగే తిప్పుతానని చెప్పాడు, ఎవరికైనా చెప్పావా అంటే, మాలాంటోళ్లని ఎవరు అడుగుతారమ్మా అన్నాడు.

జపాన్ రైల్వేలో స్టాఫ్ ప్రతి సిగ్నల్‌నీ వేలితో చూపించి నోటితో పైకి చెప్తారు, అలా చేస్తే పొరపాట్లు బాగా తగ్గుతాయని వాళ్లు పరీక్షించి మరీ తెలుసుకున్నారు. ఆ బండి అతనికి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు, కానీ అతను చేసింది అదే, వేలు, నోరు, రెండూ.

5వ నంబర్ రైలు కాస్త లేటుగా 4:48కి వచ్చింది. నేనూ అదే రైలు, నా బోగీ వేరైనా కాసేపు అతని దగ్గరే కూర్చున్నా, చేతులు ఇంకా వణుకుతున్నాయి. నీళ్లు తాగి కుదుటపడ్డాక టైంటేబుల్ తీసి ఇద్దరం లెక్క వేశాం, ఆవిడ గనక టికెట్ చూడకపోయి ఉంటే ఏమయ్యేదో. ఆ 4:35 రైలు తర్వాత ఆగేది 6:05కి. అక్కడ దిగితే వెనక్కి రావడానికి మొదటి రైలు 6:50కి. అది ఈ జంక్షన్‌కి చేరేది 8:05. అప్పటికప్పుడు సిటీ వైపు రైలు సిద్ధంగా ఉన్నా, ఇంకో నాలుగు గంటల పది నిమిషాల ప్రయాణం, అంటే మధ్యాహ్నం 12:15. ఇంటర్వ్యూ 10:30కి. అవతలి వాళ్లకి ఫోన్ చేసి నేను రాంగ్ రైలు ఎక్కానండి అంటే ఎంతమంది ఇంకో టైం ఇస్తారు? జాగ్రత్త లేని మనిషి అనుకుంటారు, చదవడం రాదా అనుకుంటారు. అతను చదివాడు కాబట్టే అలా జరిగింది అని వాళ్లకి ఎలా తెలుస్తుంది. అందుకే నేను రాస్తున్నా.

అతను టైంకి చేరాడు. ఉద్యోగం సంగతి అతని సొంత విషయం, ఇక్కడ రాయను.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తాను, కోట్లు అడగట్లేదు. మొదట ఆ వేలాడే బోర్డులు. పైన చెప్పిన పరీక్ష చేయండి, ప్రతి మధ్య ప్లాట్‌ఫామ్ మీదా, ప్రతి బోర్డు కిందా, రెండు వైపుల నుంచీ. పెద్ద స్టేషన్ అయినా ఒక పూట పని. ఆ పని చేసేది ఆ స్టేషన్‌లో రోజూ తిరిగే మనిషి కాకుండా చూడండి, వేరే చోటి నుంచి కొత్తగా వచ్చిన స్టాఫ్‌ని పంపండి, పాతవాళ్ల కళ్లు బోర్డు చదవకముందే జవాబు చెప్పేస్తాయి. తప్పున్న బోర్డుకి వెనక వైపు షీట్ ఒక్కటి మార్చి వేయిస్తే చాలు. ఇకనుంచి ప్రింటింగ్‌కి ఇచ్చేటప్పుడు "వైపు ఒకటి, వైపు రెండు" అని వేర్వేరు ఫైళ్లు ఇవ్వండి, ఒకే ఫైలు ఇచ్చి రెండు కాపీలు అనొద్దు.

అక్షరాలు పెద్దవి చేస్తే సరిపోదు, దయచేసి అలా తప్పించుకోవద్దు. తప్పు దిక్కు చూపించే బాణాన్ని పెద్దది చేస్తే ఇంకా దూరం నుంచి తప్పు కనిపిస్తుంది అంతే. కొందరు నేల మీద పెయింట్ వేస్తే చాలంటారు, అది పగలు ఖాళీగా ఉన్నప్పుడు బావుంటుంది, రైలు వచ్చే టైంకి దాని మీద మనుషులూ సామాన్లూ ఉంటాయి, అవసరమైనప్పుడే కనిపించదు. అంతకంటే ప్లాట్‌ఫామ్ రెండు అంచుల వెంట ఉండే స్తంభాలకి, మనిషి తల కంటే పైన, ఆ పక్క నంబర్ ఒక్కటే వేయండి, బాణం లేకుండా. బాణం లేని చోట తారుమారు అవడానికి ఏమీ ఉండదు. ఆ అబ్బాయి నిలబడ్డ చోట పక్క స్తంభం మీద 4 అని ఉండి ఉంటే ఇంత కథ జరిగేది కాదు, పది నిమిషాలు నిలబడ్డాడు అక్కడ, చూసేవాడు.

యాప్ ఉంది కదా అని కూడా అనొద్దు. యాప్ 5 అని కరెక్ట్‌గానే చెప్పింది. ఆ 5 తన ఎడమ పక్కో కుడి పక్కో యాప్‌కి తెలియదు, అది గట్టు మీద రాసుంటేనే తెలుస్తుంది.

తర్వాత అనౌన్స్‌మెంట్. ఆ రోజు రెండు రైళ్ల అనౌన్స్‌మెంట్లూ వెంట వెంటనే వచ్చాయి, ఒకటి అవ్వగానే రెండోది. ఇది ఎలా తయారవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, ముందే రికార్డు చేసిన ముక్కలు, నంబర్ ముక్క, పేరు ముక్క, ఎక్కడి నుంచి ఎక్కడికి, చివర్లో ప్లాట్‌ఫామ్. జత రైళ్లకి ముక్కలన్నీ దాదాపు అవే, ఊర్ల పేర్లు ముందు వెనక అవుతాయి, నంబర్లో చివరి అంకె మారుతుంది, అంతే. సగం నిద్రలో ఉన్న మనిషి చెవికి ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టే వినపడుతుంది. పైగా అసలు కావాల్సిన ప్లాట్‌ఫామ్ నంబర్ ఆఖర్న వస్తుంది, అప్పటికి ఇంజిన్ హారన్ మొదలవుతుంది. జత రైళ్లు ఒకే గట్టుకి వచ్చేచోటనైనా మొదటి మాటే దిక్కు చెప్పేలా పెట్టండి, "ఫలానా సిటీ వైపు వెళ్లే రైలు, 5వ నంబర్" అని మొదలెట్టి తర్వాత పేరూ నంబరూ చెప్పి, మళ్లీ చివర్లో ప్లాట్‌ఫామ్ ఇంకోసారి చెప్పించండి. రెండు అనౌన్స్‌మెంట్ల మధ్య కొంచెం ఖాళీ ఇవ్వండి. కొత్త ముక్క రికార్డు చేయాల్సింది ఒక్కటే, "వైపు వెళ్లే రైలు" అన్నది, ఊర్ల పేర్లు మీ దగ్గర ఎలాగూ ఉన్నాయి.

బోగీ పలక గురించి కూడా ఒక మాట. అటూ ఇటూ ఒకే పలక పెట్టడం ఎందుకు మొదలైందో నాకు తెలుసు, ప్రతి ట్రిప్పుకీ పలకలు మార్చే మనుషులు ఉండరు, మార్చడం మర్చిపోతే ఇంకా పెద్ద గందరగోళం, అది నిజమే. మర్చిపోతే ప్రమాదం అన్న పని కొత్తగా పెట్టమని నేను అనను. కానీ డోర్ పక్కన చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న బోగీలు చాలా ఉన్నాయి, వాటిలో రెండు ఊర్ల పేర్లూ తిప్పుతున్నారు. ఆ బోగీల్లో వెళ్లే ఊరు ఒక్కటే చూపించండి, వచ్చిన ఊరు ఎక్కేవాడికి అక్కర్లేదు.

ఇంక ఆఖరిది, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది. మీ ప్లాట్‌ఫామ్ మీద లగేజీ మోసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, నీళ్ల కుళాయి దగ్గర ఉండేవాళ్లు, వీళ్లకి మీ స్టేషన్లో ఏ బోర్డు తప్పో, ఏ మెట్ల దగ్గర జనం ఆగిపోతారో, ఏ రైలుకి ఏ రైలు అని పొరపడతారో అంతా తెలుసు. ఎంక్వైరీ కౌంటర్ తలుపు వెనక కూర్చుని నేను ఇన్నేళ్లలో తెలుసుకున్నదానికంటే ఆ బండి అతనికి ఎక్కువ తెలుసు. నెలకి ఒకసారి వాళ్లని స్టేషన్ ఆఫీసులోకి పిలిచి కూర్చోబెట్టి, ఈ నెల ఎవరెవర్ని ఎక్కడ తిప్పాల్సి వచ్చింది అని అడిగి రాసుకోండి. కంప్లైంట్ పుస్తకంలో రానిది అక్కడ వస్తుంది.

నేను ఆ జంక్షన్ స్టేషన్ మాస్టర్‌కి విడిగా ఉత్తరం ఇచ్చాను, బోర్డు ఫోటోలు రెండు వైపుల నుంచీ తీసి జత చేశాను, ప్లాట్‌ఫామ్ పేరు, ఏ స్తంభం దగ్గరో కూడా రాశాను. మిగతా స్టేషన్ల వాళ్లు ఈ ఉత్తరాన్నే దానికి బదులు అనుకుని వెళ్లి చూడండి. ముందుగా జత రైళ్లు ఒకే గట్టుకి ఎదురెదురుగా వచ్చే జంక్షన్లు, అందులోనూ రాత్రి పన్నెండు నుంచి తెల్లారి ఆరు లోపు వచ్చేవి, వాటితో మొదలెట్టండి, ఆ టైంకి అడగడానికి పక్కన మనుషులు కూడా ఉండరు.

ఇట్లు,
రిటైరైన ఒక ఎంక్వైరీ క్లర్క్